హాస్టల్‌కు వెళ్లే కూతురికి అమ్మ రాసే ఉత్తరంలో జ్వరం గురించి ఉండాలి

కిందటి వారం మా ఆరోగ్య కేంద్రం సిబ్బంది వాట్సాప్ గ్రూపులో ఒక ఉత్తరం వచ్చింది. వేరే నగరంలో హాస్టల్‌లో చేరబోతున్న కూతురికి ఒక తల్లి రాసినట్టుగా ఉన్న ఆ ఉత్తరం ఎవరు రాశారో ఎవరికీ తెలియదు, కానీ చేయి తిరిగిన వాళ్లే రాసి ఉంటారు. గదిలో ఎలా మెలగాలి, ఎవరితో స్నేహం చేయాలి, రాత్రి ఎన్ని గంటలకు పడుకోవాలి, ఫోన్ ఎంతసేపు చూడాలి, ఇంటి పరువు ఎవరి చేతిలో ఉంది అన్నవన్నీ అందులో ఓపికగా, ప్రేమగా చెప్పారు. చదివిన వాళ్లందరూ దండాల బొమ్మలు పెట్టారు. మా అమ్మాయి ఈ నెలాఖరుకు అనంతపురం నుంచి విశాఖపట్నం వెళ్తోంది కాబట్టి, గ్రూపులో వచ్చినది చాలదన్నట్టు నాకు విడిగా పంపిన వాళ్లు కూడా ఉన్నారు. ఆ ఉత్తరాన్ని నేను శ్రద్ధగానే చదివాను. ఆ పిల్లకు ఒంట్లో బాగాలేకపోతే ఏం చేయాలో అందులో ఒక్క మాట కూడా లేదు.

నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సును. నర్సుకు ఎక్కడ చూసినా జ్వరమే కనిపిస్తుందని మా ఇంట్లో వాళ్లు ఎగతాళి చేస్తారు, అందులో కొంత నిజం ఉంది. అయినా ఒకసారి ఆలోచించండి. ఆ ఉత్తరంలో తల్లి భయపడిన విషయాల్లో చాలా భాగం ఆ పిల్ల జీవితంలో ఎన్నడూ జరగకపోవచ్చు. వానాకాలంలో కొత్త ఊరికి చేరి, నలుగురితో ఒకే గదిలో ఉంటూ, కొత్త నీళ్లు తాగుతూ, మెస్సు తిండి తినే పిల్లకు మొదటి ఏడాదిలో ఒక్కసారైనా జ్వరం రావడం మాత్రం దాదాపు ఖాయం. జరగని వాటికి నాలుగు పేజీలు కేటాయించి, తప్పక జరిగేదాన్ని వదిలేసిన ఉత్తరం ఎవరి కోసం రాసినట్టు? తల్లి మనసు కుదుటపడటానికి రాసినట్టే నాకు తోచింది. కూతురికి పనికొచ్చే ఉత్తరం వేరుగా ఉంటుందని నా అభిప్రాయం. అది ఎలా ఉండాలో నాకే స్పష్టం కావడానికి ఇది రాస్తున్నాను.

షరతులు పెరిగిన కొద్దీ దాపరికం

మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. వేరే నగరంలో హాస్టల్‌లో ఉండి చదువుతోంది. పంపించేటప్పుడు వాళ్లమ్మ అందరి ముందే, "బయట తిరిగినట్టు తెలిసిందో, మరుసటి రోజే పెట్టె సర్దించి తీసుకొచ్చేస్తాం" అని గట్టిగా చెప్పింది. ఆమెకు కూతురి మీద నమ్మకం లేక అన్న మాట కాదది. పంపడానికి ఒప్పుకోని పెద్దవాళ్లకు వినపడాలని అన్న మాట. అయితే ఆ పిల్ల దాన్ని తనకు పెట్టిన షరతుగానే విన్నది.

ఒక ఆదివారం స్నేహితురాళ్లతో కలిసి సినిమాకు వెళ్లి వచ్చిన రాత్రి ఆమెకు జ్వరం తగిలింది. ఇంటికి చెబితే మొదటి ప్రశ్న "ఎక్కడ తిరిగావు" అన్నదే అవుతుందని ఆమెకు తెలుసు. అందుకని చెప్పలేదు. ఒళ్లు నొప్పులకు పక్క మంచం అమ్మాయి తన దగ్గరున్న నొప్పి మాత్ర ఇస్తే వేసుకుంది. ఇంటి నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా "బాగున్నానమ్మా, తిన్నాను" అని చెప్పింది. నాలుగో రోజు జ్వరం దిగింది. తగ్గిపోయిందనుకొని తలస్నానం చేసి తరగతికి వెళ్లింది. ఆ సాయంత్రం కడుపులో విపరీతమైన నొప్పి మొదలై, వాంతులు ఆగక, చేతులు చల్లబడి మంచం మీద ముడుచుకొని పడుకుంటే, పక్క గది పిల్లలు వార్డెన్‌ను పిలిచి ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. డెంగీ అన్నారు. సకాలంలో సెలైన్ పెట్టి, గంటగంటకూ చూసుకున్నారు కాబట్టి కోలుకుంది. ఇంటికి వచ్చాక నేను పలకరించడానికి వెళ్లి, ఒక్క మాట ఎందుకు చెప్పలేదని అడిగాను. "తిడతారని కాదత్తా, మాన్పిస్తారని" అంది.

ఆ జవాబు తర్వాత నాకు ఆ వాట్సాప్ ఉత్తరం లాంటివి వేరుగా కనిపించడం మొదలైంది. మన వైపు ఆడపిల్ల వేరే ఊరికి చదువుకు వెళ్లడమంటే ఇప్పటికీ చాలా ఇళ్లలో ఒక అనుమతి. అనుమతి అన్నాక అది రద్దయ్యే వీలు కూడా ఉంటుంది. ఉత్తరంలో రాసే ప్రతి షరతూ ఆ రద్దుకు ఒక కారణాన్ని చేర్చినట్టే. పిల్ల ఆ షరతు తప్పినప్పుడే కాదు, తప్పిందని ఇంట్లో వాళ్లు అనుకునే అవకాశం ఉన్నప్పుడు కూడా నోరు మూసుకుంటుంది. జ్వరం ఏ తప్పూ కాదు, కానీ జ్వరం గురించి చెబితే వెనకాలే సినిమా సంగతి బయటికి వస్తుంది. జాగ్రత్త కోసం చెప్పిన మాటే ఆ పిల్లకు సహాయం అందకుండా అడ్డుపడింది.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. మా సహోద్యోగి ఒకామె, ఇద్దరు కూతుళ్లను హాస్టల్‌లో ఉంచి చదివించినావిడ, నా మాట విని నవ్వింది. "భయం చెప్పకుండా పంపితే పిల్లలు భయం లేకుండా తయారవుతారు. ఆ సినిమాకు పోకుండా ఉంటే దాచాల్సిన పనే లేదు కదా" అంది. ఆమె మాటలో బలం ఉంది, ఎందుకంటే నగరంలో ఆడపిల్లకు నిజమైన ప్రమాదాలు ఉన్నాయి, వాటి గురించి చెప్పకపోవడం తల్లి చేయాల్సిన పని ఎగ్గొట్టడమే. కానీ ఆ మాటలు పదిహేడేళ్లుగా ప్రతిరోజూ మనం చెబుతూనే వచ్చాం. వాటిని ఉత్తరంలో మళ్లీ రాస్తే కొత్తగా తెలిసేదేమీ లేదు. ఇంతవరకు ఆ పిల్లకు చెప్పాల్సిన అవసరం రానివి కొన్ని ఉన్నాయి. ఇంట్లో ఉన్నంత కాలం జ్వరం వస్తే నుదురు తాకి చూసేది నేను, మాత్ర ఇచ్చేది నేను, ఎప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలో తేల్చేది నేను. ఆ పనులన్నీ ఇప్పుడు ఆమె చేతికి వెళ్తున్నాయి, వాటిని ఎలా చేయాలో ఎవరూ ఆమెకు నేర్పలేదు. నర్సు కూతురైనా సరే, మా అమ్మాయికి థర్మామీటర్ ఎంతసేపు ఉంచాలో మొన్నటిదాకా తెలియదు.

జ్వరం వచ్చిన నాడు

అందుకని మా అమ్మాయికి రాస్తున్న ఉత్తరంలో ఎక్కువ భాగం జ్వరానికే ఇచ్చాను. ఆ భాగం కొంత ఇక్కడ పెడుతున్నాను.

"పాపా, ఒళ్లు వేడిగా అనిపిస్తే ముందు థర్మామీటర్ చంకలో పెట్టుకొని, అది కూత వేసేదాకా కదలకుండా ఉండు. వచ్చిన అంకెను, అప్పటి సమయాన్ని ఈ ఉత్తరం వెనక పక్కన రాసుకో. మొదటి రోజు ఏదో నీకు గుర్తుండదు, డాక్టర్ మొదట అడిగేది అదే. జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే వేసుకో. డబ్బాలో 650 మిల్లీగ్రాముల మాత్రలు పెట్టాను. ఒకటి వేసుకున్నాక ఆరు గంటల లోపల రెండోది వద్దు. రోజుకు నాలుగు దాటకూడదు. జలుబుకు అమ్మే మాత్రల్లో కూడా చాలావాటిలో ఇదే మందు ఉంటుంది, కాబట్టి అవీ ఇవీ కలిపి వేసుకోకు. ఒళ్లు నొప్పులని ఎవరైనా వేరే నొప్పి మాత్ర ఇస్తే, వాళ్లు ఎంత మంచివాళ్లైనా, తీసుకోకు."

చివరి వాక్యానికి కారణం కూడా రాశాను, ఎందుకంటే కారణం లేని ఆజ్ఞను ఈ వయసు పిల్లలు మొదటి అవసరంలోనే పక్కన పెడతారు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటి నొప్పి మందులు రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తాయి, కడుపు లోపలి పొరను గాయపరుస్తాయి. మామూలు ఒళ్లు నొప్పులకు అవి పెద్ద హాని చేయకపోవచ్చు. డెంగీలో మాత్రం ప్లేట్‌లెట్లు ముందే తగ్గుతూ ఉంటాయి కాబట్టి రక్తస్రావం జరిగే ముప్పు పెరుగుతుంది. జ్వరం మొదలైన రోజున అది డెంగీనో కాదో ఎవరూ చూసి చెప్పలేరు. అందుకే తేలేదాకా ఆ మందుల జోలికి పోకూడదు.

రెండు రోజులకు జ్వరం దిగకపోతే రక్త పరీక్షకు వెళ్లమని రాశాను. మొదటి అయిదు రోజుల్లో డెంగీకి చేసే పరీక్ష ఎన్‌ఎస్1, ఆ తర్వాత చేసేది ఐజీఎం. మొదటి రోజుల్లో ఐజీఎం ఒక్కటే చేయించుకొని, లేదని వచ్చిందని ధీమాగా తిరిగిన వాళ్లను నేను చూశాను. మలేరియాకు కూడా అప్పుడే చూడమని అడగాలి. చలితో వణికించే జ్వరమైతే తప్పకుండా అడగాలి.

అన్నింటికంటే ఎక్కువ చోటు ఇచ్చింది జ్వరం దిగిన రోజుకు. మా వీధి అమ్మాయి మోసపోయింది అక్కడే. అసలు మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లు కూడా అక్కడే మోసపోతారు. డెంగీలో ప్రమాదం వేడి ఎక్కువగా ఉన్నప్పుడు కాదు, సాధారణంగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో వేడి దిగుతున్నప్పుడు మొదలవుతుంది. ఆ సమయంలో కొందరిలో రక్తనాళాల నుంచి ద్రవం బయటికి ఊరుతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. ఇది ఒకటి రెండు రోజులు ఉండి, ఆ గండం దాటిన వాళ్లు త్వరగానే తేరుకుంటారు. బయట అందరూ ప్లేట్‌లెట్ల సంఖ్యను క్రికెట్ స్కోరులా చెప్పుకుంటారు, బొప్పాయి ఆకుల కోసం ఊరంతా తిరుగుతారు. మేం వార్డులో చూసేది మాత్రం కడుపు నొప్పి ఉందా, వాంతులు ఆగాయా, మూత్రం వస్తోందా అన్నవే. హాస్టల్ గదిలో పరికరాలేమీ లేకుండా ఒక పిల్ల తనంతట తాను గమనించగలిగేవి కూడా అవే కావడం మన అదృష్టం. అందుకే ఆ మాటలు ఇలా రాశాను:

"జ్వరం దిగింది కదా అని ఆ రెండు రోజులు తరగతికి వెళ్లకు. నీ దగ్గర ఎవరో ఒకరు ఉండేలా చూసుకో. కడుపులో తగ్గని నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, చేతులు కాళ్లు చల్లబడటం, విపరీతమైన మత్తు, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అప్పుడు నాకు ఫోన్ చేయడం కూడా రెండో పనే. ముందు వార్డెన్‌ను లేపు, 108కు ఫోన్ చేయించు. నెలసరి మామూలు కంటే చాలా ఎక్కువగా అయినా ఇదే లెక్క. అర్ధరాత్రి అని మొహమాటపడకు."

ఓఆర్‌ఎస్ గురించి ఒక్క విషయమే రాశాను, కానీ అది చాలామందికి తెలియని విషయం. పెద్ద ప్యాకెట్‌ను పూర్తిగా ఒక లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం అందాజుగా వేసుకోకూడదు. చిక్కగా కలిపితే అది దాహం తీర్చే బదులు పేగుల్లోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. మా అమ్మాయి తీసుకెళ్లే సీసా సరిగ్గా లీటరుది, కొలత బాధ లేదు. కలిపింది మరుసటి రోజుకు దాచకుండా పారబోయమని కూడా రాశాను.

దోమల గురించి రాసేటప్పుడు మా జిల్లా గుర్తుకొచ్చింది. దేశంలో చాలా తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. అయినా మా దగ్గర డెంగీ వస్తుంది. నీళ్లు రోజూ రావు కాబట్టి తొట్లలో, డ్రమ్ముల్లో పట్టి నిలవ చేసుకుంటాం, ఆ మంచినీళ్లలోనే ఈ దోమ గుడ్లు పెడుతుంది. హాస్టల్ స్నానాల గదుల్లో నిండుగా పెట్టి వదిలేసిన బకెట్లు, గదిలో కూలర్ తొట్టి కూడా దానికి అలాంటి చోట్లే. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి ప్రతి ఆదివారం బకెట్‌ను బోర్లించి, లోపలి అంచును చేత్తో రుద్ది కడిగితే చాలు. ఈ దోమ పగలు కుడుతుంది. రాత్రి మాత్రమే దోమతెర కట్టుకునే అలవాటు దీని విషయంలో అంతగా కాపాడదు, మధ్యాహ్నం నిద్రపోయే అలవాటున్న మా అమ్మాయికి ఇది కొత్త సంగతి.

ఇద్దరం సంతకం చేసిన వాక్యం

ఇవన్నీ రాశాక కూడా మా వీధి అమ్మాయి సమస్య అలాగే మిగిలింది. ఆమెకు లక్షణాలు తెలియక కాదు కదా చెప్పనిది. కడుపు నొప్పి వస్తే ఆసుపత్రికి వెళ్లాలని తెలిసినా, వెళ్తే ఇంటికి తెలుస్తుందన్న భయం ఆపుతుంది. ఆ భయాన్ని తీసే వాక్యం ఒకటి ఉత్తరంలో ఉండాలి, లేకపోతే పైన రాసిందంతా వృథా.

మొదట "నీకు ఏం జరిగినా చదువు మాన్పించము" అని రాద్దామనుకున్నాను. రాసే ముందు మా ఆయనతో మాట్లాడాను. ఆయన కొంతసేపు ఆలోచించి, "నిజంగా పెద్ద జబ్బు చేసి, డాక్టరే మాన్పించమంటే ఏం చేస్తాం? నిలబెట్టుకోలేని మాట రాసి ఇవ్వకూడదు" అన్నారు. అది నిజమే. తల్లిదండ్రులు తమ మీద తమకున్న నమ్మకం కొద్దీ ఇచ్చే పెద్ద పెద్ద హామీలను పిల్లలు కూడా అంతగా నమ్మరు, ఎందుకంటే పక్కింట్లో వాటి గతి ఏమైందో వాళ్లు చూసే ఉంటారు. చివరికి మేం ఇద్దరం కుదుర్చుకున్న మాట ఇది:

"జ్వరం వచ్చిందని చెప్పినప్పుడు ఎక్కడికి వెళ్లావు, ఏం తిన్నావు, ఎవరితో ఉన్నావు అని మేం అడగము. నీ ఒళ్లు పూర్తిగా బాగయ్యేదాకా ఆ ప్రశ్నలు రావు. నీ చదువు ఆపాలా, కొనసాగించాలా అన్న నిర్ణయం ఎప్పుడైనా చేయాల్సి వస్తే, నువ్వు ఎదురుగా లేనప్పుడు చేయము."

దీని కింద మేం ఇద్దరం సంతకం పెట్టాము. తండ్రి సంతకం ముఖ్యమని నేను పట్టుబట్టాను. చాలా ఇళ్లలో పిల్లకు అమ్మ దగ్గర భయం ఉండదు, అమ్మ ద్వారా నాన్నకు, నాన్న ద్వారా పెదనాన్నలకు చేరుతుందన్న భయం ఉంటుంది. ఒక్క తల్లే రాసే ఉత్తరంలో ఉన్న లోపం ఇదేనని ఇప్పుడు నాకు అనిపిస్తోంది. ఆమె తన తరఫున క్షమించగలదు, ఇంటి తరఫున మాట ఇవ్వలేదు.

ఈ వాక్యం మీద నా సందేహం నాకు లేకపోలేదు. ప్రశ్నలు వాయిదా వేస్తామన్నాం గానీ అసలే అడగమనలేదు. జ్వరం తగ్గాక సినిమా సంగతి వస్తుందని పిల్లకు తెలిస్తే, అప్పుడు కూడా దాస్తుందేమో. అసలే అడగమని రాయడానికి నాకు మనసొప్పలేదు, ఎందుకంటే అడుగుతామని నాకు తెలుసు. ఆ హద్దు దగ్గర ఆగిపోయాను.

ఇంకో చిన్న ఏర్పాటు ఉంది. హాస్టల్‌లో ఫోన్ మాట్లాడేది వరండాలోనో, నలుగురున్న గదిలోనో కాబట్టి, అన్నీ పైకి చెప్పుకోలేరు. పక్కన ఎవరో ఉన్నారు, ఇప్పుడు మాట్లాడలేను, తర్వాత నువ్వే చెయ్యి అని తెలపడానికి ఒక గుర్తు మాట పెట్టుకుందామన్నాను. "ఉగ్గాని తినాలని ఉంది" అందామని నేను అంటే మా అమ్మాయి ఒప్పుకోలేదు, అది తనకు నిజంగానే రోజూ అనిపిస్తుందని. చివరకు కాకరకాయ కూర దగ్గర కుదిరింది. జన్మలో ఆమె ఆ కూర అడగదు.

అపశకునం, ఫోన్, ఉత్తరం

మా అత్తగారికి, అంటే పాపకు జేజికి, ఈ ఉత్తరం నచ్చలేదు. కొత్త ఊరికి బయలుదేరే పిల్లకు దేవుడి పేరు తలచి కుంకుమ పొట్లం కట్టివ్వాలి గానీ వాంతులు, రక్తం అంటూ రాసిస్తారా అని కోపగించుకున్నారు. ఆమెను నేను తేలిగ్గా తీసిపారేయను. ప్రయాణం ముందు చెడు మాట అనకపోవడం వెనక, పిల్ల మనసులో భయం నాటకూడదన్న తెలివి ఉంది. భయపడే స్వభావం ఉన్న పిల్లకు ఇలాంటి జాబితా ఇస్తే ప్రతి తలనొప్పినీ డెంగీ అనుకొని రాత్రంతా మేలుకునే అవకాశం కూడా ఉంది. అందుకని ఉత్తరంలో చాలా జ్వరాలు ఏ మందూ లేకుండానే మూడు నాలుగు రోజుల్లో పోతాయని మొదటే రాశాను, ప్రమాద సూచనలను జ్వరం దిగిన రోజుల చోట ఉంచాను. జేజి కుంకుమ పొట్లం కూడా అదే కవరులో ఉంది.

మా ఆయన అభ్యంతరం వేరు. అన్నీ ఫోన్‌లో దొరుకుతుంటే కాగితం ఎందుకని. దొరుకుతాయి, నిజమే. కానీ 102 డిగ్రీల జ్వరంతో ఫోన్ తెరిచి వెతికే పిల్లకు మొదట ఎదురయ్యేవి బొప్పాయి ఆకు రసం మొదలు అంతుచిక్కని జబ్బుల పేర్ల దాకా అన్నీ. వాటిలో ఏది వినాలో తేల్చుకునే ఓపిక అప్పుడు ఉండదు. పైగా ఆ పూట ఫోన్ చూసేది ఆమే కాకపోవచ్చు. పక్క మంచం అమ్మాయి మందుల డబ్బా తెరిస్తే, ఫోన్ తాళం తీయకుండానే ఆ కాగితం కనపడాలి. అందుకే ఉత్తరాన్ని పెట్టెలో బట్టల మధ్య కాకుండా థర్మామీటర్ ఉన్న డబ్బాలోనే పెట్టాను.

వార్డెన్ చేతికి ఇచ్చే కాగితం

ఉత్తరంతో పాటు ఒక పేజీ విడిగా రాశాను. అది వార్డెన్‌కు ఇవ్వడానికి. అందులో ప్రేమ మాటలేమీ లేవు. పేరు, రక్త గ్రూపు, చిన్నప్పుడు ఏ మందు పడక దద్దుర్లు వచ్చాయో ఆ మందు పేరు, జూన్‌లో చేయించిన హిమోగ్లోబిన్ అంకె, మా ఇద్దరి నంబర్లు, విశాఖలో ఉన్న మా తమ్ముడి నంబరు ఉన్నాయి. హిమోగ్లోబిన్ ఎందుకంటే మా అమ్మాయికి అది పన్నెండు కంటే తక్కువ ఉంది, తక్కువ ఉన్నట్టు డాక్టర్‌కు ముందే తెలిస్తే కొత్త అంకెను సరిగ్గా అర్థం చేసుకోగలరు. ఐరన్ మాత్రలు వాడుతోంది. మెస్సులో భోజనం అవగానే టీ తాగే అలవాటు చేసుకుంటే ఆ ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు, కనీసం గంట ఆగమని చెప్పాను. ఇంటి నుంచి బెల్లం శెనక్కాయల చిక్కీ, నువ్వుల పొడి, ఊరిబిండి కూడా వెళ్తున్నాయి, వాటి గురించి ఉత్తరంలో రాయాల్సిన అవసరం కనపడలేదు.

ఆ పేజీ చివర ఒక అంగీకారం ఉంది. మా అమ్మాయికి ఇంకా పద్దెనిమిది నిండలేదు. కళాశాలల్లో మొదటి ఏడాది పిల్లల్లో ఇలాంటి వాళ్లు చాలామందే ఉంటారు. ఇలాంటి వాళ్లను చేర్చుకునేటప్పుడు ఆసుపత్రులు తల్లిదండ్రుల సంతకం అడుగుతాయి. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కినా మేం చేరేసరికి దాదాపు ఒక రోజు పడుతుంది. అందుకని మేం వచ్చేదాకా అవసరమైన వైద్యం చేయించడానికి వార్డెన్‌కు, మా తమ్ముడికి అనుమతి ఇస్తున్నామని ఇద్దరం సంతకం చేసి, ఆధార్ నకళ్లు జతపరిచాము. ప్రాణం మీదికి వచ్చినప్పుడు సంతకం కోసం డాక్టర్లు ఆగరు. కానీ రక్త పరీక్షకో, ఒక రాత్రి పరిశీలనలో ఉంచడానికో ఎవరు ఒప్పుకోవాలన్న తర్జనభర్జనలో గంటలు పోవడం నేను ఉద్యోగంలో చూశాను.

డబ్బు సంగతి కూడా ఇందులో కలిసే ఉంది. ఆమె ఖాతాలో నెల ఖర్చులు కాకుండా అయిదు వేలు విడిగా ఉంచుతున్నాం. ఆటోకు, పరీక్షలకు, మందులకు అడగకుండా వాడుకోవచ్చు, లెక్క చెప్పక్కర్లేదు. మా సహోద్యోగి దీనికీ నవ్వింది. లెక్క అడగని డబ్బు ఏ పిల్లకైనా సినిమా డబ్బే అవుతుందని ఆమె నమ్మకం. అయితే కావచ్చు. నెలకోసారి ఆ అయిదు వేలు తిరిగి నిండుగా ఉందో లేదో మాత్రం చూసుకుంటాను. తగ్గితే ఎందుకని అడగకుండా మళ్లీ నింపుతానని చెప్పాను, దాన్ని ఉత్తరంలో రాయలేదు. మొదటి నెల ఎలా గడుస్తుందో చూసి, అప్పుడు రాసి పంపుతాను.